అన్నం తినే కుక్కను డ్రై ఫుడ్‌కు మార్చడం: పద్నాలుగు రోజుల లెక్క

ప్రశ్న: మాది విశాఖపట్నంలోని సీతమ్మధార. మా రాజుకు మూడేళ్లు, 18 కిలోలు, ఆపరేషన్ అయిన మగ కుక్క. ఇన్నాళ్లూ రెండు పూటలా ఇంటి భోజనమే: పూటకు 200 గ్రాముల అన్నం, 75 గ్రాముల ఉడికించిన కోడిమాంసం, 100 గ్రాముల పెరుగు. డాక్టరు గారు చెప్పారని డ్రై ఫుడ్ తెచ్చాను. మొత్తం బరువు మారకుండా సగం అది, సగం ఇది తూచి కలిపాను. రెండో రోజు సాయంత్రానికి నీళ్ల విరేచనాలు. ఆపేసి పాత భోజనం పెడితే రెండు రోజుల్లో తగ్గింది. ఈ ఫుడ్ వాడికి పడదా? మెల్లగా మార్చాలంటే ఏ రోజు ఎంత పెట్టాలి?

సమాధానం:

పడదని ఇప్పుడే తేల్చేయకండి అమ్మా. మీరు తూచి పెట్టడం మంచి అలవాటు, ఎందుకంటే ఆ అంకెలు ఉండబట్టే జరిగినదేమిటో చెప్పగలుగుతున్నాను. మధురవాడలో పదకొండేళ్లుగా ఇతరుల కుక్కలను మా ఇంట్లో ఉంచుకుని చూసుకుంటున్నాను. వచ్చే కుక్కల్లో ఎక్కువ భాగం అన్నం మీద పెరిగినవే. ఆహారం మార్చగానే కడుపు చెడిందని చెప్పేవాళ్లలో చాలామంది చేసిన పొరపాటే మీరూ చేశారు. డ్రై ఫుడ్ గుళికలను అన్నంతో బరువుకు బరువు లెక్కకట్టారు.

మీ లెక్కే తీసుకుందాం. వండిన అన్నం 100 గ్రాములకు సుమారు 130 కిలో క్యాలరీలు ఇస్తుంది. చర్మం తీసి ఉడికించిన కోడిమాంసం 165, పెరుగు 60 దాకా ఇస్తాయి. ఆ ప్రకారం రాజు పూట భోజనం 375 గ్రాములకు 444 కిలో క్యాలరీలు, అంటే రోజుకు సుమారు 890. డ్రై ఫుడ్ మాత్రం 100 గ్రాములకే 350 నుంచి 400 ఇస్తుంది. మీ సంచి మీద ఎంత ఉందో చూడండి. నేను 360 అనుకుని లెక్క వేస్తున్నాను. మీరు ఆ పూట పెట్టిన 188 గ్రాముల గుళికలే దాదాపు 675 కిలో క్యాలరీలు. వాటికి తోడు సగం ఇంటి భోజనం మరో 220. మొత్తం 900. పూటకు 444 తినే కుక్క ఒకేసారి రెండు పూటల భోజనం తిన్నట్టయింది, అదీ వరుసగా రెండు రోజులు.

అంతకన్నా పెద్ద దెబ్బ కొవ్వు వల్ల తగిలింది. ఇంటి భోజనంలో రాజుకు రోజంతటికీ అందే కొవ్వు సుమారు 12 గ్రాములు. డ్రై ఫుడ్‌లో సాధారణంగా 12 నుంచి 18 శాతం కొవ్వు ఉంటుంది. 14 శాతం అనుకున్నా, మీరు రోజుకు పెట్టిన 376 గ్రాముల గుళికల్లోనే 50 గ్రాములకు పైగా ఉంటుంది. నాలుగైదు రెట్ల కొవ్వు ఒక్కరోజులో కడుపులోకి చేరింది. కొవ్వును, మాంసకృత్తులను, పిండి పదార్థాలను అరిగించే రసాలను క్లోమం రోజూ తినే ఆహారానికి తగ్గట్టు తయారు చేస్తుంది. ఆహారం మారితే ఆ రసాల పాళ్లు మారడానికి కొన్ని రోజులు పడుతుంది. పేగుల్లోని సూక్ష్మజీవుల సంగతీ అంతే. అన్నం, పెరుగు మీద బతికిన గుంపు తగ్గి, కొత్త ఆహారానికి తగిన గుంపు పెరగాలి. ఈ లోపల అరగని పదార్థం పెద్దపేగులోకి చేరితే అక్కడ పులుస్తుంది, నీటిని లాగుతుంది. మీరు చూసిన నీళ్ల విరేచనాలు అవే. పాత భోజనం పెట్టగానే రెండు రోజుల్లో తగ్గడం కూడా ఈ కారణాన్నే సూచిస్తుంది.

కాబట్టి రెండు నియమాలు పెట్టుకోండి. మార్పును క్యాలరీల్లో లెక్కపెట్టండి, బరువులో కాదు. ముందుకు జరగాలా, ఆగాలా అన్నది మలాన్ని చూసి నిర్ణయించండి, క్యాలెండరును చూసి కాదు.

మొదటి నియమానికి కష్టమైన గణితం అక్కరలేదు. మీ ఇంటి భోజనం గ్రాముకు సుమారు 1.2, గుళికలు 3.6 కిలో క్యాలరీలు ఇస్తాయి. అంటే ఒక గ్రాము గుళికలు మూడు గ్రాముల ఇంటి భోజనానికి సమానం. 10 గ్రాముల గుళికలు వేస్తే 30 గ్రాముల అన్నం ముద్ద తీసేయాలి. పూర్తిగా మారిన తర్వాత రాజుకు కావలసింది పూటకు 125 గ్రాములు, రోజుకు 250. సంచి వెనుక పట్టికలో 18 కిలోల కుక్కకు అంతకంటే ఎక్కువ రాసి ఉండవచ్చు. ఇప్పుడు తింటున్న దానితో బరువు నిలకడగా ఉంటే ఆ పట్టికకన్నా ఈ లెక్కనే నమ్మండి. గిన్నె అడుగున కాసిన్ని గుళికలు చూసి ఇంట్లో పెద్దవాళ్లు బిడ్డ ఆకలితో ఉన్నాడని బాధపడతారు. ముందే వాళ్లకు ఈ లెక్క చెప్పి ఉంచండి.

వెంటనే మొదలుపెట్టకండి. పాత భోజనం మీద మలం మామూలుగా ఉన్న రోజులు వరుసగా కనీసం ఐదు గడవాలి. పైకి తగ్గినట్టు కనిపించినా పేగు లోపలి పొర ఇంకా కోలుకుంటూ ఉంటుంది. ఆ వారంలోనూ, ఆ తర్వాతి రెండు వారాల్లోనూ నులిపురుగుల మందు వేయకండి, వాయిదా వేయగలిగిన టీకా ఉంటే డాక్టరు గారిని అడిగి వాయిదా వేయండి, ఊరికి వెళ్లి వేరేచోట వదలకండి. వీటిలో ఏదైనా మలాన్ని పలుచన చేయగలదు. అప్పుడు తప్పు ఆహారానిదా, మందుదా, బెంగదా అన్నది ఎవరూ చెప్పలేరు.

ఇక రోజుల లెక్క. ఒక డ్రై ఫుడ్ నుంచి మరో డ్రై ఫుడ్‌కు మార్చేటప్పుడు సాధారణంగా ఏడు నుంచి పది రోజులు సరిపోతాయి. ఇంటి భోజనం నుంచి గుళికలకు దూరం ఎక్కువ. పైగా రాజుకు ఒకసారి కడుపు చెడింది. అందుకే పద్నాలుగు రోజులు తీసుకుందాం. అన్నం, మాంసం, పెరుగు ఎప్పటిలాగే కలిపి, ఆ ముద్దనే తూచండి. అప్పుడు మూడూ ఒకే పాళ్లలో తగ్గుతాయి. మాంసం అలాగే ఉంచి అన్నం మాత్రం తగ్గిస్తే ఒకేసారి రెండు మార్పులు చేసినట్టవుతుంది.

మొదటి రెండు రోజులు పూటకు 15 గ్రాముల గుళికలు, 330 గ్రాముల ఇంటి భోజనం. 15 గ్రాములు అరచేతిలో చాలా తక్కువగా కనిపిస్తాయి. ఫర్వాలేదు, ఈ రెండు రోజులు పేగుకు కొత్త ఆహారాన్ని పరిచయం చేయడానికే. మూడు నుంచి ఐదో రోజు వరకు పూటకు 30 గ్రాముల గుళికలు, 285 గ్రాముల ఇంటి భోజనం. ఇది దాదాపు నాలుగో వంతు. ఆరు నుంచి ఎనిమిదో రోజు వరకు 60 గ్రాములకు 195. ఇది సగం, ఎక్కువ కుక్కలు తడబడేది ఇక్కడే. తొమ్మిది నుంచి పదకొండో రోజు వరకు 95 గ్రాములకు 90. పన్నెండు, పదమూడు రోజుల్లో 110 గ్రాములకు 45. పద్నాలుగో రోజు నుంచి 125 గ్రాముల గుళికలు మాత్రమే.

గుళికలను ముందుగా గోరువెచ్చని నీటిలో పది పదిహేను నిమిషాలు నానబెట్టండి. 125 గ్రాములకు ఒక గ్లాసు కంటే కొంచెం తక్కువ నీరు చాలు. మెత్తబడ్డాక చేత్తో చిదిమి అన్నంలో కలిపితే రాజు కోడిమాంసం ఏరుకుని గుళికలు వదిలేయలేడు. తెలివైన కుక్కలు మొదటి వారమంతా ఆ పనే చేస్తాయి. యజమాని గిన్నెలో ఎంత వేసిందీ లెక్కపెడతాడు గాని, కుక్క లోపలికి ఎంత వెళ్లిందీ చూడడు. వారం తర్వాత ఒక్కసారిగా ఆకలేసి గుళికలన్నీ తినేస్తే అది మెల్లగా చేసిన మార్పు కాదు. అందుకే మిగిలినది కూడా తూచి రాసుకోండి. గిన్నె ఇరవై నిమిషాలు ఉంచి తీసేయండి. మన సముద్రపు గాలి ఉక్కలో నానిన గుళికలు గంట రెండు గంటల్లో పులుస్తాయి. పొద్దున మిగిలినది సాయంత్రం పెట్టకండి.

ఇప్పుడు మలం సంగతి. చెప్పడానికి మొహమాటపడతారు గాని ఈ పద్నాలుగు రోజులు మీకు దారి చూపేది అదే. కాగితంతో తీసేటప్పుడు ఆకారం చెదరకుండా వచ్చి, నేల మీద తడి మరక మాత్రమే మిగిలితే బాగున్నట్టే, తర్వాతి మెట్టుకు వెళ్లవచ్చు. ఆకారం ఉంది గాని మెత్తగా నేలకు అంటుకుంటే అదే మెట్టు మీద మరో రెండు రోజులు ఆగండి. కుప్పగా పడి ఆకారం లేకపోతే వెనుకటి మెట్టుకు దిగి, వరుసగా రెండు రోజులు గట్టిగా వచ్చాకే మళ్లీ ఎక్కండి. నీళ్లలా వస్తే గుళికలు ఆపేసి పాత భోజనానికి రండి, కొన్ని పూటలు పరిమాణం కూడా కొంత తగ్గించండి. మీద జిగురు పొర ఒకటి రెండుసార్లు కనిపించడం పెద్దపేగు కాస్త చికాకు పడిందనడానికి గుర్తు. కుక్క చురుగ్గా ఉంటే ఆ మెట్టు మీదే ఆగితే చాలు. ఉదయం మొదటి మలం గట్టిగా, ఆ తర్వాతది మెత్తగా రావడం చాలా కుక్కలకు మామూలే. ఉదయపు మలాన్ని ఉదయపు మలంతోనే పోల్చండి.

రంగు మారుతుంది, భయపడకండి. అన్నం, పెరుగు తిన్నప్పటి లేత రంగు పోయి ముదురు గోధుమ రంగు వస్తుంది. పరిమాణంలోనూ తేడా రావచ్చు. కానీ తారులా నల్లగా, జిగటగా ఉంటే అది రంగు మార్పు కాదు, పైపేగుల్లో రక్తం పడుతోందనడానికి సూచన కావచ్చు. ఆ రోజే డాక్టరుకు చూపించాలి.

నా అనుభవంలో ఆరో రోజు నుంచి ఎనిమిదో రోజు మధ్య ఎక్కడో ఒకచోట ఆగాల్సి వస్తుంది. ఆగడం వైఫల్యం కాదు. పద్నాలుగు రోజుల పని ఇరవై రోజులు పడితే నష్టమేమీ లేదు. ఒక ఉదాహరణ చెబుతాను. ఎంవీపీ కాలనీ నుంచి ఒక లాబ్రడార్ ఆడకుక్క, 27 కిలోలు, ఇలాగే పెరుగన్నం నుంచి మారుతోంది. ఐదు రోజులు చక్కగా గడిచాయి. ఏడో రోజు సాయంత్రం ఆకారం లేని కుప్పగా. మెట్టు దిగమన్నాను, మర్నాడు తగ్గింది. మళ్లీ సగానికి ఎక్కగానే అదే జరిగింది. కొత్త ఫుడ్ పడలేదని వాళ్లు తీర్మానించుకున్నారు. నాకు నమ్మకం కుదరలేదు. ఎందుకంటే రెండుసార్లూ చెడింది సాయంత్రం పూట, ఉదయం మలం మాత్రం బాగుంది. రోజంతా ఎవరెవరు ఏమి పెడుతున్నారో ఒక కాగితం మీద రాయమన్నాను. మూడో రోజు తెలిసింది. చేపలు అమ్మే ఆవిడ గేటు దగ్గర కూర్చుని శుభ్రం చేసేటప్పుడు తలలు, పేగులు కుక్కకు వేస్తోంది. ఎప్పటినుంచో వేస్తున్నదేనట. అన్నం తినే రోజుల్లో పేగు దాన్ని తట్టుకుంది. గుళికల కొవ్వు పెరిగిన రోజుల్లో చేప కొవ్వు తోడయ్యేసరికి తట్టుకోలేకపోయింది. గేటు దగ్గర తినడం ఆపించాక అదే సగం మెట్టును ఎలాంటి ఇబ్బంది లేకుండా దాటింది.

మీ ఇంట్లోనూ ఈ కాగితం ముందే పెట్టండి. వాచ్‌మన్ ఇచ్చే బిస్కెట్లు, పిల్లలు బల్ల కింద జారవిడిచే చపాతీ ముక్కలు, మధ్యాహ్నం పెద్దవాళ్లు తాము తింటూ పెట్టే పెరుగన్నం ముద్ద, అన్నీ అందులోకి రావాలి. పెట్టవద్దంటే ఎవరూ వినరు. కాబట్టి ఆ రోజు గుళికల్లోంచే పది పన్నెండు తీసి ఒక డబ్బాలో వేసి, ఎవరు పెట్టాలనుకున్నా అందులోంచే పెట్టమనండి. కూరలోని కోడిముక్కలు, కూర పులుసు మాత్రం ఏ రోజూ వద్దు. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తకణాలను దెబ్బతీస్తాయి. ఎండు చేపల్లో ఉప్పు ఎక్కువ. బీచ్ రోడ్డుకు షికారు తీసుకెళ్తే ఈ రెండు వారాలు తాడు దగ్గరగా పట్టుకోండి. ఒడ్డున కొట్టుకొచ్చిన చేప, పీత ముక్కలు తింటాయి, ఆడుతూ ఉప్పునీరు మింగుతాయి. ఉప్పునీరు ఒక్కటే నీళ్ల విరేచనాలు తెప్పించడానికి చాలు. ఆ నేరం మీ కొత్త సంచి మీద పడుతుంది.

నీటి గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే అన్నం నుంచి మార్చేటప్పుడు దీన్ని దాదాపు అందరూ మరిచిపోతారు. అన్నంలో మూడింట రెండు వంతులు నీరే, పెరుగులో ఇంకా ఎక్కువ. రాజు రోజూ తినే 750 గ్రాముల భోజనంలో అర లీటరుకు పైగా నీరు ఉంది. 250 గ్రాముల గుళికల్లో ఉండేది పాతిక మిల్లీలీటర్లు. 18 కిలోల కుక్కకు తిండిలోనిదీ తాగేదీ కలిపి రోజుకు సుమారు లీటరు నీరు కావాలి. అంటే ఇప్పటిదాకా గిన్నెలోంచి అర లీటరు తాగినవాడు ఇకపై దాదాపు రెట్టింపు తాగాలి. ఆ అలవాటు వాడికి లేదు. అందుకే కొన్ని కుక్కలకు విరేచనాలకు బదులు మలబద్ధకం వస్తుంది. మలం చిన్న చిన్న ఉండలుగా, పొడిగా వస్తుంది, కుక్క చాలాసేపు ముక్కుతూ కూర్చుంటుంది. పద్నాలుగో రోజు తర్వాత కూడా ఒక నెలపాటు గుళికలు తడిపే పెట్టండి. ఇంట్లో రెండు మూడు చోట్ల నీళ్ల గిన్నెలు ఉంచి, రోజుకు రెండుసార్లు మార్చండి. ఏప్రిల్ నుంచి జూన్ వరకు ఎండల్లో ఈ మార్పు చేయవలసి వస్తే పొద్దున్నే, పొద్దు గుంకాక పెట్టండి. ఉక్కకు ఆకలి తగ్గిన కుక్క గిన్నె ముట్టకపోతే ఫుడ్ నచ్చలేదని పొరబడతాం.

తినకపోవడానికి మన దగ్గర మరో కారణం ఉంటుంది, గోమార్లు. వాటి వల్ల వచ్చే జ్వరంలో కుక్క మొదట తిండి మానేస్తుంది, మందకొడిగా ఉంటుంది. ఆహారం మార్చిన వారంలోనే అది వస్తే అందరూ ఫుడ్‌నే అనుమానిస్తారు. అందుకే ఒక పరీక్ష చేయండి. గుళికలు లేని పాత భోజనం విడిగా ఒక ముద్ద పెట్టి చూడండి. ఆత్రంగా తింటే కొత్తది నచ్చలేదని అర్థం. అది కూడా వద్దంటే ఇది ఆహారం సమస్య కాదు, అదే రోజు చూపించాలి.

ఇంట్లో సర్దుకునే పలుచదనానికీ, డాక్టరు దగ్గరకు పరుగెత్తాల్సిన దానికీ తేడా కుక్క ముఖంలో ఉంటుంది. పలుచగా పోయినా తోక ఊపుతూ, నీళ్లు తాగుతూ, గిన్నె కోసం వెతుకుతుంటే ఒకటి రెండు రోజులు ఇంట్లో చూడవచ్చు. పదే పదే వాంతులు, తాగిన నీరూ నిలవకపోవడం, మలంలో ఎక్కువ రక్తం, చిగుళ్లు పాలిపోయి జిగటగా ఉండటం, మెడ దగ్గర చర్మం పైకి లాగి వదిలితే మెల్లగా వెనక్కి పోవడం, వీటిలో ఏది కనిపించినా ఆగవద్దు. ముందుకాళ్లు నేలకు వంచి వెనుక భాగం పైకెత్తి అలాగే నిలబడిపోతుంటే అది ఒళ్లు విరుచుకోవడం అనుకోకండి. ఒక్కసారిగా కొవ్వు తిన్న తర్వాత క్లోమం వాచినప్పుడు కడుపునొప్పితో కుక్కలు అలా నిలబడతాయి. విరేచనాలు నలభై ఎనిమిది గంటలు దాటినా అంతే. టీకాలు పూర్తికాని పిల్లకు రక్త విరేచనాలు వస్తే ఆహారం మాట పక్కన పెట్టి, పార్వో వైరస్ జబ్బు అనుకుని పరుగెత్తాలి. ఏ వయసు కుక్కకైనా మన విరేచనాల మాత్రలు, మన నొప్పి మాత్రలు సొంతంగా ఇవ్వకండి.

పడదు అనే మాట ఎప్పుడు అనవచ్చో కూడా చెబుతాను. 15 గ్రాముల మెట్టు మీదే, వేరే తిండి ఏదీ లేకుండా, వారం విరామంతో రెండుసార్లు ప్రయత్నించినా రెండుసార్లూ కడుపు చెడితే అప్పుడు ఆ ఫుడ్ వదిలేయండి. కొవ్వు తక్కువ ఉన్న మరోదాని గురించి డాక్టరు గారితో మాట్లాడండి. పాత భోజనం మీద కూడా తరచూ పలుచగానే ఉంటే గుళికలతో సంబంధం లేదు. మలం పరీక్ష చేయించాలి, జియార్డియా వంటి పరాన్నజీవులు అలా దాగి ఉంటాయి. ఇక నిజమైన ఆహార అలర్జీ ఎక్కువగా చర్మం మీద కనిపిస్తుంది. చెవుల్లో, పంజాల మధ్య, పొట్ట కింద ఎడతెగని దురద వస్తుంది. రెండో రోజు వచ్చిన విరేచనాలను చూసి అలర్జీ అని పేరు పెట్టకండి. ఆ పేరు ఒకసారి అతికితే, ఆ కుక్కకు చికెన్ పడదని జీవితాంతం చెప్పుకుంటూ తిరుగుతారు.

మెల్లగా మార్చే వీలు లేని రోజులూ వస్తాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటినప్పుడు మా ఇంట్లో రెండు కుక్కలు ఉండేవి, రెండూ గుళికలే తినేవి. సంచి అడుగుకు వచ్చింది, వానకు గోడ తడిసి ఉన్న కాస్తా చెడింది. రోజుల తరబడి కరెంటు లేదు, దుకాణాలు తెరవలేదు. గ్యాసు ఉంది, బియ్యం ఉన్నాయి, కొన్ని గుడ్లు ఉన్నాయి. మెత్తగా వండిన అన్నంలో ఉడికించిన గుడ్డు చిదిమి, రోజు మొత్తాన్ని నాలుగు చిన్న పూటలుగా విడగొట్టి పెట్టాను, మొదటి రోజు మామూలుకంటే మూడో వంతు తక్కువ. చిన్నదానికి రెండు రోజులు మలం మెత్తబడింది, పెద్దదానికి ఏమీ కాలేదు. చెడిపోయిన ఫుడ్‌ను మెల్లగా మానేయడం కుదరదు, ఆ పూటే ఆపాలి. అలాంటప్పుడు కొవ్వు తక్కువ ఉన్న భోజనం, కొద్దికొద్దిగా, ఎక్కువసార్లు. డాక్టరు గారు జబ్బు కోసం ప్రత్యేకమైన ఆహారం రాస్తే కూడా ఎన్ని రోజుల్లో మార్చాలన్నది ఆయన్నే అడగండి, నా పద్నాలుగు రోజులు దానికి వర్తించవు.

పెద్ద సంచి చవక అని ముందే కొనకండి. ఈ పద్నాలుగు రోజులకు రాజుకు పట్టే గుళికలు రెండు కిలోలకు లోపే, లెక్కకడితే 1,860 గ్రాములు. మూడు కిలోల సంచి సరిపోతుంది, నచ్చకపోయినా నష్టం తక్కువ. మన తేమలో సంచి విప్పాక గుళికలు మెత్తబడతాయి, వాటి కొవ్వు చేదెక్కుతుంది. పాత నూనె వాసన వస్తే పెట్టకండి. డబ్బాలో పోసేయడం కన్నా సంచి మూతి మడిచి క్లిప్పు పెట్టి, ఆ సంచినే గాలి చొరని డబ్బాలో ఉంచండి. తయారీ తేదీ, బ్యాచ్ నంబరు పోకుండా ఉంటాయి. డబ్బాకు అంటుకున్న పాత కొవ్వు కొత్త గుళికలను చెడగొట్టకుండా ఉంటుంది. దుకాణంలో విడిగా కవర్లలో తూచి ఇచ్చేవి కొనవద్దు. అందులో తేదీ లేదు, క్యాలరీల అంకె లేదు, మనం ఇంతసేపు చేసిన లెక్క దేనికీ పనికిరాదు.

మొదటి రోజు, పద్నాలుగో రోజు, ఆ తర్వాత నెలకు రాజును తూచండి. ఇంట్లో మనుషులు తూచుకునే యంత్రం మీద మీరు వాడిని ఎత్తుకుని నిలబడి, తర్వాత మీ బరువు తీసేస్తే చాలు. నెలకు అర కిలో పెరిగితే పూటకు 125 నుంచి 115కు తగ్గించండి. పక్కటెముకలు చేతికి బాగా తెలుస్తూ బరువు తగ్గితే 135 చేయండి. ఆ మార్పు కూడా ఒక్కసారిగా కాక రెండు రోజుల్లో చేయండి. ఆరో రోజున మలం ఎలా ఉందో రాయండి, అక్కడ ఆగాలో వెళ్లాలో చెబుతాను.